ముట్టు ఆగితే రక్తం ఎక్కడికి పోతుంది? ‘అంతర’ సూది గురించి మన ఆడవాళ్లకు చెప్పని మాటలు

మూడు నెలలకు ఒకసారి వేయించుకునే గర్భనిరోధక సూది ‘అంతర’ పేరుతో 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతోంది. మొదట ఉత్తరాదిన జననాల రేటు ఎక్కువగా ఉన్న జిల్లాలలో మొదలై, తర్వాత అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. దీని గురించి మన వాడల్లో ఏ ఆశా కార్యకర్తను అడిగినా ఒకే మాట చెబుతారు: సూది వేయించుకున్న ఆడవాళ్లు రెండో డోసుకో మూడో డోసుకో మానేస్తారు. కారణం నొప్పి కాదు, దూరం కూడా కాదు. ముట్టు గతి తప్పడం, ఆ తర్వాత మొత్తంగా ఆగిపోవడం.

దీని మీద రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఊరి మాట ప్రకారం ఆగిన రక్తం కడుపులో గడ్డ కడుతుంది, ఒళ్లు ఉబ్బుతుంది, చూపు మందగిస్తుంది, గర్భసంచి పాడవుతుంది. ఆసుపత్రి మాట ప్రకారం ‘ఏం కాదు, పో’. మొదటి మాటలో వైద్యపరంగా నిజం లేదు. రెండో మాటలో సగం నిజమే ఉంది, మిగిలిన సగం చెప్పకుండా వదిలేస్తున్నారు. ఆ వదిలేసిన సగం వల్ల నష్టపోయేది ఎక్కువగా ఎస్సీ, ఎస్టీ, బీసీ కూలీ ఆడవాళ్లే. ప్రైవేటు డాక్టరును రెండోసారి అడిగి తెలుసుకునే స్తోమత వాళ్లకు ఉండదు.

పరిశోధన కోసం వ్యవసాయ కూలీ ఆడవాళ్లతో మాట్లాడుతున్నప్పుడు ఒకామె కథ విన్నాను. పేరు, ఊరు రాయడం లేదు. వయసు 27, ఇద్దరు పిల్లలు, పత్తి చేలల్లో కూలి. ఆపరేషన్ అప్పుడే వద్దనుకుంది, ఎందుకంటే చిన్నవాడికి ఇంకా ఏడాదిన్నరే. కాపర్‌టీ అంటే భయం. ఏఎన్ఎం చెబితే జూన్ 10న సూది వేయించుకుంది. మొదటి నెలలో ఇరవై రోజుల పాటు కొంచెం కొంచెంగా రక్తం కనిపించింది. గుడ్డ తడిసేంత కాదు, గుడ్డ పెట్టుకోకుండా ఉండేంత తక్కువా కాదు. సెప్టెంబరులో రెండో సూది. ఆ మూడు నెలల్లో రెండుసార్లు కాస్త కనిపించి ఆగింది. డిసెంబరులో మూడో సూది, ఆ తర్వాత ముట్టే లేదు. మార్చిలో నాలుగోది వేయించుకునేసరికి ఇంట్లో మాటలు మొదలయ్యాయి. అత్త కడుపులో గడ్డ అంది. మొగుడు కడుపు వచ్చిందేమో అన్నాడు, తర్వాత అంతకంటే చెడ్డ మాట అన్నాడు. పక్క ఊరి ఆర్‌ఎంపీ స్కానింగు తీయించి, గర్భసంచి ‘వీక్’ అయిందని, ఎప్పటికైనా తీసేయాల్సిందేనని చెప్పాడు. ఆమె జూన్ సూది మానేసింది.

మా ఇద్దరి మధ్యా ఆ రోజు నడిచిన సంభాషణలో ఆమె అడిగిన ప్రశ్న ఇదీ: “నెలనెలా పోయే రక్తం పోకపోతే అదంతా ఎక్కడికి పోయినట్టు అక్కా?”

ఈ ప్రశ్నను మూఢనమ్మకం అని కొట్టేయడం తేలిక. నిజానికి ఇది చాలా తర్కబద్ధమైన ప్రశ్న. నెలనెలా శరీరంలో ఎక్కడో రక్తం నిండి, నెల తిరిగేసరికి బయటికి పోతుందనుకుంటే, బయటికి పోకపోతే లోపలే ఉండాలి కదా. తప్పు తర్కంలో లేదు, మొదటి అంచనాలో ఉంది. ఆ అంచనాను సరిదిద్దాల్సిన వాళ్లు సరిదిద్దలేదు.

లోపల జరిగేది

మామూలు నెలలో అండాశయం నుంచి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ వస్తుంది. దాని వల్ల గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతుంది. బిడ్డ నిలిస్తే కావలసిన పక్కలాగా అది తయారవుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే రెండో హార్మోన్ ఆ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే రెండు హార్మోన్లూ పడిపోతాయి, పొర ఊడిపోతుంది. ఊడిన పొర, దానితో పాటు కారే రక్తం, ఇదే ముట్టు. అంటే నెలంతా ఎక్కడో నిల్వ ఉన్న రక్తం కాదది. ఆ నెలలో కట్టిన పక్కను ఆ నెలాఖరుకు విప్పేయడం.

అంతర సూదిలో ఉండే మందు పేరు డెపో మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ ఎసిటేట్, పొట్టిగా డీఎంపీఏ. ఒక్కో డోసు 150 మిల్లీగ్రాములు, కండరంలోకి వేస్తారు. అది ప్రొజెస్టిరాన్ లాంటి మందే. మూడు నెలల పాటు కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతూ, అండం విడుదల చేయమని మెదడు నుంచి రావలసిన సంకేతాన్ని ఆపుతుంది. అండం లేదు, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, పొర పెరగదు. కట్టని పక్కను విప్పేదేముంది? అందుకే రక్తం రాదు. ఆమె ప్రశ్నకు జవాబు ఇదే: ఆ రక్తం ఎక్కడికీ పోలేదు, అసలు బయటికి రావలసినంత తయారే కాలేదు.

మరి మొదటి నెలల్లో ఆ ఇరవై రోజుల రక్తం ఎందుకు? పొర ఒక్కసారిగా పలచబడదు. సూది పడ్డాక కొన్ని వారాలు అది సగం పెరిగి, సగం ఎండి ఉంటుంది. అందులోని సన్నటి రక్తనాళాలు పెళుసుగా ఉండి అక్కడక్కడా కారుతుంటాయి. అది లోపల పుండు పడిందన్న గుర్తు కాదు. డోసులు పెరిగేకొద్దీ పొర పూర్తిగా పలచబడి, కారడమూ ఆగిపోతుంది. అమెరికాలో ఈ మందు సమాచార పత్రంలో ఉన్న లెక్క ప్రకారం ఏడాది పాటు వాడిన స్త్రీలలో 55 శాతం మందికి, రెండేళ్లు వాడినవారిలో 68 శాతం మందికి ముట్టు ఆగిపోతుంది. అంటే ముట్టు ఆగడం ఏదో అరుదుగా జరిగే తేడా కాదు. ఏడాది వాడితే సగానికి పైగా ఆడవాళ్లకు జరిగేది అదే. సగం మందికి జరగబోయే సంగతిని ముందే చెప్పకపోవడాన్ని ఏమనాలి?

ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే తికమక పడతారు. సూది వాడకుండానే నెలల తరబడి ముట్టు రాకపోతే అది పట్టించుకోవలసిన విషయమే. ఉదాహరణకు పీసీఓడీ ఉన్న అమ్మాయిల్లో అండం విడుదల కాదు, కానీ ఈస్ట్రోజెన్ వస్తూనే ఉంటుంది. పొర పెరుగుతూ పోతుంది, దాన్ని అదుపు చేసే ప్రొజెస్టిరాన్ ఉండదు. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే ఆ పొరలో క్యాన్సరుకు దారితీసే మార్పులు రావచ్చు. అందుకే డాక్టర్లు వాళ్లకు మందులిచ్చి ముట్టు తెప్పిస్తారు. సూది వాడేవారిలో సంగతి దీనికి తలకిందులు. పొర పెరగదు, ప్రొజెస్టిరాన్ లాంటి మందు ఎప్పుడూ ఉంటుంది. ఈ సూది వాడినవారిలో గర్భసంచి లోపలి పొర క్యాన్సరు తగ్గుతుందని పరిశోధనలు చూపించాయి. పైకి చూస్తే రెండుచోట్లా ‘ముట్టు రాలేదు’ అన్న ఒకే మాట. లోపల జరిగేవి రెండూ పూర్తిగా వేరు. బిడ్డకు పాలిచ్చే తల్లికి నెలల పాటు ముట్టు రాకపోతే ఊళ్లో ఎవరూ గడ్డ కడుతుందని భయపడరు. సూది విషయంలో జరిగేది దానికి దగ్గరి సంగతి.

రక్తహీనత విషయంలోనైతే ముట్టు ఆగడం మేలు కూడా చేస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువ. పోయే రక్తం తగ్గితే ఐరన్ నిల్వలు మిగులుతాయి. నాట్లు వేసే గుంపులో ఒకామె దీని గురించి నాతో నవ్వుతూ చెప్పింది: పొలం గట్టున చాటు లేదు, గుడ్డ మార్చుకునే చోటు లేదు, ఆ నాలుగు రోజుల బాధ లేకపోవడమే తనకు సుఖమట. ముట్టును పవిత్రమనో, ప్రకృతి వరమనో రాసే వ్యాసాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. మోకాలి లోతు బురదలో పది గంటలు వంగి నిలబడే మనిషికి ఆ వర్ణనలతో పని లేదు. ముట్టు లేకపోవడాన్ని తెలిసి కోరుకునే హక్కు ఆమెకు ఉంది.

అయితే ఆ కోరిక ఆమెదే అయి ఉండాలి. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోతకు వెళ్లే ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో గర్భసంచి తీయించుకున్నారని 2019లో బయటపడి, అక్కడి ప్రభుత్వం కమిటీ వేయాల్సి వచ్చింది. ఒక రోజు పని మానితే ముఠా మేస్త్రీ జరిమానా కోసే చోట, ముట్టు పోవడం ఎవరికి లాభమో వేరే చెప్పనక్కర్లేదు.

‘ఏం కాదు’ అన్న మాటలో వదిలేసినవి

ముట్టు ఆగడం హాని కాదు అంటే సూది వల్ల ఏ హానీ లేదని అర్థం కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఆసుపత్రి మాట మీద నమ్మకం పోతోంది.

మొదటిది ఎముకలు. ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముకల్లో గట్టిదనం కొంత తగ్గుతుంది. సూది వాడుతున్నంత కాలం ఇది జరుగుతుంది, మానేశాక చాలావరకు తిరిగి వస్తుంది. ఐదేళ్లు వాడిన పెద్ద వయసు స్త్రీలలో ఈ తగ్గుదల సుమారు 5 నుంచి 6 శాతం. అమెరికాలో 2004 నుంచి మందు పెట్టె మీద దీని గురించి ప్రత్యేక హెచ్చరిక ఉంది. వేరే పద్ధతులు సరిపడనప్పుడు తప్ప రెండేళ్లకు మించి వాడొద్దని ఆ హెచ్చరిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంత గట్టిగా చెప్పదు. 18 నుంచి 45 ఏళ్ల మధ్య వారికి ఎముకల కారణంగా అడ్డు లేదంటుంది, 18 లోపు వారికీ 45 దాటినవారికీ మంచిచెడ్డలు తూచి ఇవ్వమంటుంది. ఈ తేడా మనకు ముఖ్యం. ఎముక బలం పుంజుకునే వయసు పద్దెనిమిది లోపే. ఆ వయసులో పెళ్లిళ్లు జరిగే ఇళ్లలో, పాలూ గుడ్డూ అరుదుగా దొరికే ఇళ్లలో, సూది వేసేముందు అసలు వయసు అడగాలి, ఆధార్ కార్డులో ఉన్న వయసు కాదు.

రెండోది ఈమధ్య బయటికి వచ్చింది. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫ్రాన్స్ దేశపు ఆరోగ్య రికార్డుల మీద ఒక అధ్యయనం అచ్చయింది. ఈ మందును ఏడాదికి మించి వాడిన స్త్రీలలో మెదడు పైపొరలో వచ్చే మెనింజియోమా అనే కణితికి ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం ఐదున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అమెరికాలో ఫైజర్ కంపెనీ మీద దీని గురించే కేసులు నడుస్తున్నాయి. ఐదున్నర రెట్లు అనగానే గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ కణితి మామూలుగా చాలా అరుదు, ఎక్కువ భాగం క్యాన్సరు కాదు, ఏడాది లోపు వాడినవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. చాలా చిన్న సంఖ్యను ఐదున్నరతో గుణించినా చిన్న సంఖ్యే వస్తుంది. అయినా ఏళ్ల తరబడి వాడే ఆడమనిషికి ఈ మాట చెప్పాలి. విడవని తలనొప్పి, చూపులో తేడా, మూర్ఛ వస్తే సూది సంగతి డాక్టరుతో చెప్పమనాలి. మెదడు కణితులకు పరీక్ష చేసే చోటు జిల్లా కేంద్రంలో కూడా తేలిగ్గా దొరకని మన దగ్గర ఈ మాట ఇంకా ముందే చెప్పాలి.

మూడోది అసలు ప్రమాదకరమైనది, ఎవరూ పట్టించుకోనిది: సూదికి ముందు నుంచే ఉన్న రక్తస్రావం. కలిసినప్పుడు రక్తం, ముట్టుకూ ముట్టుకూ మధ్య రక్తం గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు గుర్తులు కావచ్చు. కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారికి పరీక్ష చేయకుండా ఈ సూది వేయకూడదనేది నియమం. వేస్తే ఆ తర్వాత వచ్చే రక్తమంతా ‘సూది వల్లే’ అనుకుంటారు, జబ్బు చాటున పెరుగుతుంది. రద్దీ రోజున పీహెచ్‌సీలో ఈ ప్రశ్న అడగడానికి నిమిషం పట్టదు. అడుగుతున్నారా లేదా అన్నదే చూడాలి.

మానేశాక ఏమైంది

ఆ పత్తి కూలీ కథ దగ్గరికి తిరిగి వెళ్దాం, ఎందుకంటే ఆమెకు నిజమైన నష్టం జరిగింది సూది మానేశాకే. జూన్ సూది మానేస్తే జూలైలో ముట్టు వస్తుందని ఆమె ఎదురుచూసింది. రాలేదు. ఆగస్టులో, సెప్టెంబరులో, దీపావళికి కూడా రాలేదు. ఆర్‌ఎంపీ చెప్పింది నిజమేనని, గర్భసంచి చచ్చిపోయిందని అనుకుంది. ఇక పిల్లలు పుట్టరన్న నమ్మకంతో ఏ జాగ్రత్తా తీసుకోలేదు. మరుసటి ఏప్రిల్‌లో కడుపు కనిపించేసరికి నాలుగు నెలలు దాటాయి. మూడో కాన్పు, దానితో పాటే ఆపరేషన్.

ఇందులో ఒక్కో మెట్టు చూడండి. సూది మందు శరీరం నుంచి పూర్తిగా పోవడానికి మూడు నెలల కంటే చాలా ఎక్కువ పడుతుంది. మానేసినవారిలో సగం మందికి చివరి సూది నుంచి సుమారు 10 నెలల్లో గర్భం వస్తుంది. కొందరికి ఇంకా ఆలస్యం. ఆమెకు చివరి సూది మార్చిలో, గర్భం నిలిచింది సుమారు డిసెంబరులో. అంటే ఆమె శరీరంలో ఏదీ పాడవలేదు, అంతా పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. ముట్టు రాకుండానే కడుపు ఎలా వచ్చిందన్నది ఇంకో ప్రశ్న. అండం ముందు విడుదలవుతుంది, ముట్టు దాని తర్వాత రెండు వారాలకు వస్తుంది. సూది మానేశాక విడుదలైన మొదటి అండమే నిలిస్తే మధ్యలో ముట్టు కనిపించదు. కాబట్టి సూది గడువు దాటిన రోజు నుంచే వేరే జాగ్రత్త కావాలి, ముట్టు కోసం ఆగకూడదు. ఈ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే ఆ కాన్పు వచ్చేది కాదు.

గడువు లెక్క కూడా చాలామందికి తప్పుగా తెలుసు. సెప్టెంబరు 10న పడాల్సిన సూదిని రెండు వారాల ముందు, అంటే ఆగస్టు 27 నుంచి వేయించుకోవచ్చు. ఆలస్యమైతే నాలుగు వారాల వరకు, అంటే అక్టోబరు 8 దాకా గర్భ పరీక్ష లేకుండానే వేయవచ్చు. పత్తి ఏరడానికి, మిరప కోతకు వేరే జిల్లాలకు వలస పోయే ఆడవాళ్లకు ఈ ఆరు వారాల వెసులుబాటు చాలా విలువైనది. తేదీ దాటిందని వెనక్కి పంపేయడం, లేదా ‘ముట్టు వచ్చాక రా’ అనడం రెండూ తప్పే. ముట్టే రాని మనిషిని ముట్టు వచ్చాక రమ్మంటే ఆమె ఎప్పుడు రావాలి?

ఇక ఆర్‌ఎంపీ తీయించిన స్కానింగు. సూది వాడే స్త్రీకి స్కానింగు తీస్తే గర్భసంచి లోపలి పొర పలచగా కనిపిస్తుంది. అలాగే కనిపించాలి, మందు పని చేస్తోందనడానికి అదే గుర్తు. దాన్ని ‘వీక్’ అని చదివి ఆపరేషన్ వైపు నడిపించడం అబద్ధం. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లలో దేశంలో ముందు వరుసలో ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. ఐదో విడత సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ పదిహేను నుంచి నలభై తొమ్మిది ఏళ్ల స్త్రీలలో 8 శాతానికి పైగా గర్భసంచి తీయించుకున్నవారే. ‘నెలసరి తేడాలు’ అన్న ఫిర్యాదుతో ప్రైవేటు నర్సింగ్ హోముకు వెళితే తిరిగి గర్భసంచి లేకుండా వచ్చే దారి ఇక్కడ ఇప్పటికే బాగా తొక్కిన దారి. ముందుగా ఏమీ చెప్పకుండా ముట్టును గతి తప్పించే సూదిని ఈ రెండు రాష్ట్రాల్లో ఇస్తే ఆ దారిలోకి ఇంకొందరిని నెట్టినట్టే. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలకు జరిగే నష్టం సూది వల్ల జరిగేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా అది తిరిగి రాదు.

పటాన్‌చెరు నుంచి

ఈ చర్చ మనకు కొత్త కాదు, మన దగ్గరే మొదలైంది కూడా. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంకో గర్భనిరోధక సూదిని భారత వైద్య పరిశోధన మండలి ప్రయోగంలో భాగంగా వేస్తుండగా స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లారు. వచ్చిన పేద ఆడవాళ్లకు అది ప్రయోగమన్న సంగతి చెప్పలేదని తెలిసింది. 1986లో ఆ సంఘం, ఢిల్లీకి చెందిన సహేలీ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2000లో, కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఆ సూదిని మూకుమ్మడిగా వాడటం మంచిది కాదని ప్రభుత్వమే ఒప్పుకోవడంతో కేసు ముగిసింది. ఇప్పటి అంతరలో ఉన్న డీఎంపీఏ ప్రైవేటు మార్కెట్లోకి 1993లో వచ్చింది. మహిళా సంఘాలు దాన్నీ ఎదిరించాయి, ప్రభుత్వ కార్యక్రమంలోకి రావడానికి ఇంకో ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. అమెరికాలో 1992లో అనుమతి రాకముందు అట్లాంటాలోని గ్రేడీ ఆసుపత్రి క్లినిక్‌లో ఈ మందును ఏళ్ల తరబడి వేలమంది మీద వాడారు, వాళ్లలో ఎక్కువమంది పేద నల్లజాతి స్త్రీలు. ఎవరి శరీరాల మీద ముందు పరీక్షిస్తారన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే.

ఈ చరిత్ర తెలిసిన కార్యకర్తల్లో కొందరు నేటికీ ‘ముట్టును ఆపే విషం’ అని అంతరను వర్ణిస్తారు. నేను దీనితో ఏకీభవించను. పటాన్‌చెరులో తప్పు ముట్టు ఆగడం కాదు, చెప్పకపోవడం. ఆ పిటిషన్ బలం కూడా అదే. ముట్టు ఆగడమే విషమని చెబితే మనం కూడా ఆర్‌ఎంపీ చేతికి ఆయుధం ఇచ్చినవాళ్లమవుతాం. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ అంటే దాదాపు ఆడవాళ్ల ఆపరేషనే. సర్వే ప్రకారం అక్కడ పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే, తెలంగాణలో 60 శాతం పైనే. అంత ఇరుకైన చోట, మొగుడికి చెప్పకుండా కూడా వాడుకోగల, కావాలంటే మానేయగల ఒక పద్ధతి మన ఆడవాళ్లకు చేదు కాదు. దాన్ని పోగొట్టుకోవద్దు. కానీ దాన్ని ఆపరేషన్ల టార్గెట్లలాగే లెక్కలకు వాడనివ్వొద్దు కూడా.

అదే సర్వేలో, ఆధునిక పద్ధతులు వాడుతున్న స్త్రీలలో దుష్ప్రభావాల గురించి ఆరోగ్య సిబ్బంది ఎప్పుడైనా చెప్పినట్టు చెప్పినవారు దేశం మొత్తం మీద సుమారు 62 శాతమే. మిగిలినవారికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

కాబట్టి పీహెచ్‌సీకి వెళ్లే విద్యార్థి బృందాలు, సంఘాలు అక్కడ ‘ఎన్ని డోసులు వేశారు’ అని అడిగి ఊరుకోవద్దు. మొదటి డోసుకు డాక్టరు చూశారా, బీపీ చూశారా, ముందు నుంచీ రక్తస్రావం ఉందా అని అడిగారా, కాన్పయి ఆరు వారాలు కాని పాలిచ్చే తల్లులకు వేయకుండా ఆపుతున్నారా అని కనుక్కోవాలి. సూది వేయించుకున్న ఆడవాళ్లనే ఇంటి దగ్గర కలిసి, మొదటి రోజే వాళ్లకు ఏం చెప్పారో వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. మూడు మాటలు వాళ్లకు తెలిసి ఉండాలి: మొదటి నెలల్లో ముట్టు గతి తప్పుతుంది, తర్వాత ఆగిపోవచ్చు, మానేశాక తిరిగి రావడానికి చాలా నెలలు పడుతుంది. రక్తం ఎక్కువ రోజులు కారుతుంటే ‘ఓర్చుకో’ అని పంపేశారా, లేక గర్భం, ఇన్ఫెక్షన్ లాంటివి లేవని చూసి ఇబుప్రోఫెన్ లేదా మెఫనమిక్ యాసిడ్ లాంటి మందులు నాలుగైదు రోజులకు ఇచ్చి, ఐరన్ మాత్రలు రాశారా అన్నది కూడా. గుడ్డలు మామూలు ముట్టుకు రెండింతలు తడుస్తున్నా, ఎనిమిది రోజులు దాటినా, ఏడాది పాటు ఏమీ లేక ఒక్కసారిగా రక్తం మొదలైనా, కింది పొట్టలో నొప్పి ఉన్నా ఆమెను డాక్టరు చూడాల్సిందే.

అంతర కార్డు మీద తర్వాతి డోసు తేదీ రాస్తారు. ఆ పత్తి కూలీ తన కార్డును పిల్లల టీకా కార్డులతో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది, నాకు చూపించింది. నాలుగు తేదీలూ సరిగ్గా రాసి ఉన్నాయి. ముట్టు గురించి ఆమెకు ఎవరూ ఒక్క మాటా చెప్పలేదు.